నెమలి కంఠం చీర, దక్షిణం కిటికీ

పోయిన జూన్‌లో నేనొక చీర అమ్మాను. అమ్మాను అనడం కన్నా, అమ్మి వెనక్కి తెచ్చుకున్నాను అంటే నిజానికి దగ్గరగా ఉంటుంది.

నెమలి కంఠం రంగు పట్టుచీర. పదేళ్ళ కిందట కొన్నది, నాలుగుసార్లు కట్టి ఉంటానేమో. ఇక్కడ జాన్సన్‌విల్‌లో పట్టుచీర కట్టే సందర్భాలు ఏడాదికి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు కదా. ఒకరోజు రాత్రి వంటయ్యాక హాల్లో సోఫా మీద పరిచి మూడు ఫోటోలు తీసి, 140 డాలర్లు అని పెట్టేశాను. హామిల్టన్ నుంచి ఒకావిడ వెంటనే కొనుక్కున్నారు. వాళ్ళమ్మాయి లంగా ఓణీ ఫంక్షన్‌కి నీలం రంగు చీర కావాలట. కొరియర్ చేరిన సాయంత్రం మెసేజ్ వచ్చింది: "అక్కా, నేను నీలం అనుకున్నాను. ఇది ఆకుపచ్చగా ఉందండీ."

ముందు నాకు కోపం వచ్చింది, దాచుకోవడం ఎందుకు. నెమలి కంఠం అంటే రెండు రంగులూ ఉంటాయని తెలీదా అనుకున్నాను. తర్వాత నా ఫోటోలు నేనే మళ్ళీ తెరిచి చూసుకున్నాను. మూడింట్లోనూ చీర నీలంగానే ఉంది. పచ్చ అన్నది ఎక్కడా కనిపించలేదు. ఆవిడ తప్పేమీ లేదు. డబ్బు తిరిగి ఇచ్చేశాను, రెండువైపులా కొరియర్ ఖర్చు నేనే పెట్టుకున్నాను. చీర బీరువాలోకి వచ్చింది.

ఆ తర్వాత మన గ్రూపుల్లో అమ్మకానికి వచ్చే ఫోటోలు కాస్త పట్టి చూడడం మొదలుపెట్టాను. నాకు అనిపించింది ఇది: మనం అందంగా తీయడానికి చాలా కష్టపడుతున్నాం, ఉన్నది ఉన్నట్టు తీయడానికి అంత పడడం లేదు. రింగ్ లైట్ కొంటున్నాం, పక్కన పూలు పెడుతున్నాం, ఫిల్టర్ వేస్తున్నాం. చీర అసలు రంగు ఏమిటో, మరక ఎక్కడుందో మాత్రం కొనేవాళ్ళు ఇంటికి తెప్పించుకుని చూసుకోవాలి. ఇది మారాలని నా వాదన. దానికి పది డాలర్లు కూడా ఖర్చవదు. ఎలాగో నా నెమలి కంఠం చీరతోనే చెబుతాను.

ఆ రాత్రి ఏం జరిగిందో ముందు చూద్దాం. హాల్లో పసుపు రంగు బల్బు వెలుగుతోంది, వంటింట్లోంచి తెల్లటి ఎల్ఈడీ వెలుగు పడుతోంది. మన కన్ను ఈ రెండిటికీ సర్దుకుంటుంది, ఫోన్ అంత బాగా సర్దుకోలేదు. వెలుగంతా పసుపుగా ఉందని లెక్కేసుకుని, ఆ పసుపు తీసేయడానికి ఫోటో మొత్తానికి నీలం కలుపుతుంది. పచ్చలోంచి పసుపు తీసేస్తే మిగిలేది నీలమే కదా. పైగా రాత్రి వెలుగు తక్కువ. తక్కువ వెలుగులో ఫోన్ వరసగా కొన్ని ఫోటోలు తీసి, వాటిని కలిపి, మచ్చల్లాంటివి కనపడకుండా నున్నగా చేస్తుంది. ముఖానికైతే ఫరవాలేదు, పౌడర్ వేసినట్టు ఉంటుంది. చీరకి అలా చేస్తే నేత పోతుంది. జరీ పోగులు విడివిడిగా కనపడక బంగారు రంగు పూసినట్టు అయిపోతుంది. చూసేవాళ్ళకి అది పట్టో పాలిస్టరో చెప్పడం కష్టం.

అందుకని మొదటి మాట: రాత్రి తీయకండి. ఇది చెప్పినంత తేలిక కాదని నాకూ తెలుసు. జూన్, జూలైల్లో ఇక్కడ సూర్యుడు ఐదింటికల్లా వెళ్ళిపోతాడు. వెల్లింగ్టన్‌లో ఆఫీసు ముగించుకుని ట్రైన్‌లో జాన్సన్‌విల్ స్టేషన్లో దిగేసరికి చీకటే. కాబట్టి చలికాలంలో మనకి ఉన్నది శనాదివారాలే, అదీ పొద్దున పదకొండు నుంచి రెండు దాకా. నేను వారం పొడుగునా అమ్మాల్సినవి ఒక సంచిలో వేసుకుని, శనివారం ఒక్కసారే అన్నీ తీసేస్తాను. అరగంటకి నాలుగు చీరలు అవుతాయి.

ఇక ఏ కిటికీ అన్నది. ఇక్కడే నేను రెండోసారి బోల్తా పడ్డాను. ఫోటోలు తీయడం మీద యూట్యూబ్‌లో ఉన్న వీడియోల్లో చాలా వాటిలో చెప్పేది ఒకటే, ఉత్తరం వైపు కిటికీ దగ్గర తీయండి, వెలుగు మెత్తగా ఉంటుంది అని. నేనూ బుద్ధిగా మా ఉత్తరం కిటికీ దగ్గర పరిచాను. జరీ మీద ఎండ పడి కళ్ళు జిగేల్మన్నాయి. ఫోటోలో అంచంతా తెల్లగా కాలిపోయింది, మడతల నీడలు నల్లగా పడ్డాయి.

ఆ వీడియోలు అమెరికాలోనో, ఇంగ్లండ్‌లోనో, ఇండియాలోనో తీసినవి. అక్కడ సూర్యుడు ఎక్కువ కాలం దక్షిణం వైపు నుంచి నడుస్తాడు, అందుకని ఉత్తరం కిటికీలోకి నేరుగా ఎండ రాదు, ఆకాశం వెలుగే వస్తుంది. మనం భూమికి కింది సగంలో ఉన్నాం. ఇక్కడ మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరాన ఉంటాడు. ఇళ్ళ ప్రకటనల్లో ఉత్తరం వైపు ఇల్లు అని గొప్పగా రాసేది అందుకే. జూన్‌లో అయితే మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు పాతిక డిగ్రీల ఎత్తుకి మించడు, ఆ ఎండ ఉత్తరం గదిలోకి చివరి గోడ దాకా వస్తుంది. ఒళ్ళు వెచ్చబెట్టుకోవడానికి చాలా బావుంటుంది, చీర ఫోటోకి బావుండదు.

కాబట్టి జాన్సన్‌విల్‌లో మీకు కావలసింది దక్షిణం కిటికీ. ప్రతి ఇంట్లో అటువైపు ఒక చలి గది ఉంటుంది చూడండి, సూట్‌కేసులు, విరిగిన బొమ్మలు, డీహ్యూమిడిఫయరూ పెట్టుకునే గది. అదే మీ స్టూడియో. దాన్లోకి రోజంతా ఆకాశం వెలుగు మెత్తగా, పెద్దగా మారకుండా వస్తుంది. నడివేసవిలో మాత్రం పొద్దున్నే, సాయంత్రం బాగా పొద్దుపోయాక కాసేపు ఎండ అటువైపు నుంచి తొంగిచూస్తుంది, ఆ వేళలు తప్పిస్తే చాలు. దక్షిణం గది లేని ఫ్లాట్లలో ఉన్నవాళ్ళు ఉత్తరం కిటికీకే తెల్లటి నెట్ కర్టెన్ వేసుకోవచ్చు, లేదా మబ్బు రోజు చూసుకోవచ్చు. మనకి మబ్బుకి కరువా? మబ్బు పట్టిన ఆకాశం అంటే ఊరంతటికీ కలిపి ఒక పెద్ద తెల్ల కర్టెన్ కట్టినట్టే. బయట తాడు మీద ఆరేసి తీద్దామని మాత్రం అనుకోకండి. మన ఊరి గాలికి చీర ఫోటో కన్నా ముందు పక్కింటి పెరట్లో పడుతుంది.

నా ఏర్పాటు ఇది. కిటికీకి మీటరు దూరంలో ఇస్త్రీ బల్ల వేసి, దాని మీద తెల్ల దుప్పటి పరుస్తాను. ఇస్త్రీ బల్ల ఎందుకంటే దాని ఎత్తు మనకి కావలసినట్టు మార్చుకోవచ్చు. వెలుగు ఒక పక్క నుంచి వస్తుంది కాబట్టి రెండో పక్క నీడ పడుతుంది, అటు ఒక తెల్ల అట్ట నిలబెడతాను. స్టేషనరీ షాపులో దొరికే తెల్ల ఫోమ్ బోర్డు సరిపోతుంది, నా ఖర్చంతా అదే. గదిలో లైట్లన్నీ ఆపేస్తాను. ఒక్క బల్బు వెలిగి ఉన్నా రెండు రకాల వెలుగులు కలిసి మళ్ళీ మొదటి కథే అవుతుంది. నేను లేత రంగు బట్టలు వేసుకుంటాను. ఇది చాదస్తం అనుకోకండి, ఒకసారి ఎర్ర నైటీతో నిలబడి తీస్తే ఆ ఎరుపు జరీలో మెరిసింది. స్టీలు గిన్నెలు అమ్మేవాళ్ళకి ఇది ఇంకా బాగా తెలుస్తుంది, గిన్నెలో గిన్నె కన్నా మనమే ఎక్కువ కనపడతాం.

ఫోన్ లెన్స్ మెత్తటి గుడ్డతో తుడవండి. వంట చేసిన చేత్తో పట్టుకున్న ఫోన్ లెన్స్ మీద నూనె పొర ఉంటుంది, ఫోటో పొగలో తీసినట్టు వస్తుంది. దగ్గరికి వెళ్ళి తీయకుండా ఒకటిన్నర మీటరు వెనక్కి జరిగి 2x నొక్కి తీయండి. దగ్గర నుంచి వెడల్పు లెన్స్‌తో తీస్తే తిన్నటి అంచు విల్లులా వంగుతుంది. పోర్ట్రెయిట్ మోడ్ వద్దు, అది అంచుని మసక చేసేస్తుంది, అమ్మేది ఆ అంచునే కదా.

ఇప్పుడు రంగు. నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా విలువైన వస్తువు ఒక తెల్ల కాగితం. మామూలు ప్రింటర్ కాగితం. చీర పక్కనే, అదే వెలుగు పడేటట్టు పెట్టి, రెండూ కనపడేలా ఒక ఫోటో తీయండి. తర్వాత ఫోటోలో చీరని చూడకండి, కాగితాన్ని చూడండి. కాగితం పసుపుగా ఉంటే చీర రంగులోనూ అంత పసుపు కలిసినట్టే. నీలంగా ఉంటే అంత నీలం కలిసినట్టే. ఫోన్ ఎడిట్‌లో ఐఫోన్ అయితే Warmth, Tint అని ఉంటాయి, ఆండ్రాయిడ్‌లో పేరు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. కాగితం తెల్లగా కనపడేదాకా వాటిని జరపండి, అక్కడ ఆగిపోండి. చీర ఇంకా కాస్త మెరిస్తే బావుణ్ణు అని మళ్ళీ చెయ్యి పెట్టకూడదు. అదే చోట, అదే వెలుగులో తీసిన మిగతా ఫోటోలకీ అంతే మార్పు చేయండి. కాగితం ఉన్న ఫోటోని కోసేయకుండా ఒకటి అలాగే పెట్టండి. రంగు గురించి తెలిసినవాళ్ళెవరైనా చూస్తే, ఈవిడ రంగు దాచలేదని వాళ్ళకి అర్థమవుతుంది.

ఇంకో చిక్కుంది. ఫోన్ ఏ ఫోటోనైనా మరీ నలుపూ కాకుండా, మరీ తెలుపూ కాకుండా మధ్యస్థంగా తేవాలని చూస్తుంది. ఫ్రేమంతా నల్లంచు ముదురు చీర నింపితే, ఇదేదో చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచేస్తుంది. ముదురు నీలం వెలిసిన నీలం అవుతుంది, చీర పాతదని అనిపిస్తుంది. ఏనుగు దంతం రంగు చీర అయితే తగ్గించి మాసినట్టు చేస్తుంది. చీర మీద వేలితో నొక్కి పట్టుకుంటే ఐఫోన్‌లో AE/AF LOCK అని పైన వస్తుంది, పక్కనే సూర్యుడి బొమ్మ ఉంటుంది, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఇలాంటిదే ఉంది. ముదురు చీరకి ఆ సూర్యుణ్ణి కొంచెం కిందికి లాగండి, లేత చీరకి కొంచెం పైకి. కంటికి చీర ఎలా ఉందో తెర మీద అలా కనపడే చోట వదిలేయండి.

ఇవన్నీ చేశాక కూడా నా నెమలి కంఠం చీర ఫోటో ఆకుపచ్చగా వచ్చింది! రాత్రి నీలం, పగలు పచ్చ. ఏది అబద్ధం? రెండూ నిజమే. ఇలాంటి డబుల్ షేడ్ చీరల్లో పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు. నా చీరలో పడుగు నీలం, పేక పచ్చ. మీరు ఏ వైపు నుంచి చూస్తున్నారో, వెలుగు ఏ వైపు నుంచి పడుతోందో దాన్ని బట్టి ఒక రంగు పోగులు ముందుకొస్తాయి, ఇంకో రంగు వెనక్కి పోతుంది. కడితే కుచ్చిళ్ళలో రెండూ ఆడతాయి, ఆ చీర అందమే అది. పరిచి ఒకే కోణంలో తీసిన ఫోటో మాత్రం అందులో సగమే చెబుతుంది. ఆ సగమే హామిల్టన్ ఆవిడకి చేరింది.

దీనికి నేను కనిపెట్టుకున్న పద్ధతి ఇది. ఫోన్ కదపకూడదు, కిటికీ ఎలాగూ కదలదు. ఫోన్‌ని బియ్యం సంచికి ఆనించి కొంచెం ఏటవాలుగా పెట్టి ఒక ఫోటో. తర్వాత చీరని మాత్రం పావు వంతు తిప్పి, అంటే నిలువు ఉన్నది అడ్డం అయ్యేలా పెట్టి, ఇంకో ఫోటో. రెండూ పక్కపక్కన పెడితే ఒకటి నీలం, ఒకటి పచ్చ, ఒకే చీర అని చిన్నపిల్లలకి కూడా అర్థమవుతుంది. మూడోది, కుచ్చిళ్ళు పెట్టినట్టు మడిచి, రెండు రంగులూ ఒకే ఫ్రేములో. ఆపైన పల్లూని చేత్తో మెల్లగా ఎత్తి దించుతూ పది సెకన్ల వీడియో. ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు. కింద మాటల్లో కూడా రాయండి, "నీలం పడుగు, పచ్చ పేక, దూరం నుంచి నెమలి కంఠంలా ఉంటుంది" అని.

ఇంక లోపాల సంగతి. ఇక్కడ నాతో గొడవ పెట్టుకునేవాళ్ళు ఉంటారని తెలుసు. "మరక చూపిస్తే ఎవరు కొంటారు వదినా?" అని మా పక్కవీధి వదినమ్మ నన్నే అడిగారు. చూపించకపోతే కొంటారు, కొన్నాక చూస్తారు, తర్వాత మీ పేరు గుర్తుపెట్టుకుంటారు. జాన్సన్‌విల్, న్యూలాండ్స్, చర్టన్ పార్క్, టావా కలిపితే మన తెలుగువాళ్ళం ఎంతమందిమి? ఈ గ్రూపులో ఉన్నవాళ్ళే ఆ గ్రూపులోనూ ఉంటారు, రేపు బతుకమ్మ దగ్గర ఎదురుపడేదీ వాళ్ళే.

పాత పట్టుచీరకి చూపించాల్సింది మరకొక్కటే కాదు. ఏళ్ళ తరబడి ఒకే మడత మీద ఉంటే ఆ మడత వెంబడి పట్టు పగులుతుంది, జరీ తెగుతుంది. పరిచి పెడితే ఇది ఏ మాత్రం కనపడదు. మడత ఉన్న చోటుని రెండు చేతులతో కిటికీకి అడ్డంగా ఎత్తి పట్టండి. నేత పలచబడిన చోట వెలుగు చుక్కలు చుక్కలుగా కారుతుంది. ఇంకెవరైనా ఉంటే ఆ ఫోటో తీయమనండి, లేకపోతే చీరని కర్టెన్ రాడ్ మీద వేసి తీయొచ్చు. చుక్కలు లేకపోతే ఆ ఫోటో పెట్టడం మీకే లాభం. ఉంటే ధర తగ్గించి, చూపించి అమ్మండి. కొనేవాళ్ళకి కూడా చెబుతున్నాను, పాత పట్టు కొనేటప్పుడు ఈ ఒక్క ఫోటో అడగండి. ఇవ్వడానికి నసిగితే అదే జవాబు.

పోగు లాగిన చోట్లు, మరకలు తీసేటప్పుడు చీరని తిప్పి, కిటికీ వెలుగు బట్ట మీద పక్కగా జారేలా పెట్టుకోండి. పైకి లేచిన పోగు నీడ పడి తేలిగ్గా కనపడుతుంది. ముందు కాస్త దూరం నుంచి, లోపం చీరలో ఎక్కడుందో తెలిసేలా ఒకటి. తర్వాత జానెడు దూరం నుంచి దగ్గరగా ఒకటి, పక్కన కొలత టేపుతో. ఇంకా దగ్గరికి వెళ్తే చాలా ఫోన్లలో ఫోకస్ కుదరదు, మసకగా వస్తుంది, కావాలనే దాచినట్టు ఉంటుంది. నా చీర పల్లూ మీద రెండు సెంటీమీటర్ల పసుపు మరక ఉంది. మొదటిసారి ఆ సంగతే రాయలేదు, రంగు గొడవలో అది ఎవరూ ఎత్తలేదు అంతే, లేకపోతే ఆ మాటా పడేదాన్ని.

వెనకవైపు ఫోటో ఒకటి తప్పకుండా ఉండాలి. బుటా నేసిందో అద్దిందో వెనక్కి తిప్పితే తెలిసిపోతుంది. పోచంపల్లి ఇక్కత్ అయితే నూలుకి ముందే రంగు వేసి నేస్తారు కాబట్టి వెనకా ముందూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఇక్కత్‌లా కనిపించే ప్రింటు చీర వెనకవైపు వెలిసినట్టు ఉంటుంది. మీది అసలుదైతే ఆ ఫోటో మీ తరఫున మాట్లాడుతుంది. సిల్క్ మార్క్ ట్యాగ్ దాచుకుని ఉంటే దాన్ని కూడా చీర మీద పెట్టి తీయండి.

నాకు నిజంగా కోపం తెప్పించే విషయం ఒకటుంది. షాపువాళ్ళ కేటలాగ్ ఫోటో. సూరత్ నుంచో, ఇంకెక్కడి నుంచో ఒక మోడల్ ఫోటో వస్తుంది, అదే ఫోటో మూడు గ్రూపుల్లో ముగ్గురు పెడతారు, మూడు ధరలు. వాళ్ళలో ఎవరి చేతిలోనూ ఆ చీర ఉండకపోవచ్చు. ఉన్నా అది ఫోటోలోని చీర కాదు. అలా తెప్పించి అమ్మే చెల్లెళ్ళ కష్టం నాకు తెలుసు, అది వాళ్ళ ఇంటి ఖర్చు. కానీ చీర చేతికొచ్చాక మీ కిటికీ దగ్గర మీరొక ఫోటో తీయడానికి ఐదు నిమిషాలు పడుతుంది. ఒక చిన్న కాగితం మీద మీ పేరు, ఆ రోజు తేదీ చేత్తో రాసి చీర మీద పెట్టి తీయండి. అది ఒకరి నుంచి ఇంకొకరు ఎత్తుకోలేని ఫోటో. మన గ్రూపు అడ్మిన్లు ఈ ఒక్క నియమం పెట్టాలని అడుగుతున్నాను: చేతిరాత కాగితం లేని ఫోటో ఉంటే అమ్మకం పోస్టు తీసేయడం. ఫోన్ నంబరు, అడ్రస్ రాయక్కర్లేదు. వెనకాల కొరియర్ కవర్లూ, పిల్లల స్కూలు కాగితాలూ పడకుండా మాత్రం చూసుకోండి.

ఇది మర్యాద సంగతే కాదు. న్యూజీలాండ్‌లో వ్యాపారంగా అమ్మేవాళ్ళు కొనేవాళ్ళని తప్పుదోవ పట్టించకూడదని 1986 నాటి ఫెయిర్ ట్రేడింగ్ చట్టం చెబుతుంది, ఫోటో కూడా అందులోకే వస్తుంది. తెప్పించి లాభానికి అమ్ముతుంటే, అది ఇంట్లోంచే అయినా, వ్యాపారమే. నాలాగా తన పాత చీర తను అమ్ముకునేవాళ్ళు ఆ లెక్కలోకి రారు, అయినా ఒకటి చూపించి ఇంకొకటి అమ్మితే కొన్నవాళ్ళు డిస్ప్యూట్స్ ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు. 140 డాలర్ల చీరకి అంత దూరం ఎవరూ వెళ్ళరులెండి. నేను చెప్పేది, "ఫోటోలో అలా పడింది" అనేది సమాధానం కాదని.

ఫోటో చేయలేనివీ ఉన్నాయి. మీరెంత జాగ్రత్తగా రంగు సరిచేసినా, అవతలివాళ్ళు రాత్రి పదింటికి ఫోన్‌లో కళ్ళకి హాయిగా ఉండే పసుపు తెర పెట్టుకుని చూస్తే మీ రంగు మారిపోతుంది. రంగే ముఖ్యమని ఎవరైనా అంటే, అది ఆపేసి పగలు ఇంకోసారి చూడమని చెప్పండి. వంకాయ రంగు, ఊదా లాంటివి ఫోన్ తెర మీద నీలం వైపు జరుగుతుంటాయి, వాటికి మాట సాయం ఉండాలి. మనకి రంగుల పేర్లకి లోటేమిటి? కనకాంబరం, చిలకపచ్చ, మామిడి చిగురు, రాణీ కలర్. పేరు రాస్తే తెర చెప్పలేనిది మన అమ్మల జ్ఞాపకం చెబుతుంది. బరువు, మెత్తదనం ఫోటోలో రావు. కలరా ఉండల వాసన అసలు రాదు, ఉంటే రాసేయండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు HD నొక్కండి, లేకపోతే మీరు కష్టపడి తీసిన నేత మొత్తం దారిలో నలిగిపోతుంది.

జూలైలో ఒక శనివారం, సన్నగా వాన పడుతుండగా, దక్షిణం గదిలో సూట్‌కేసులు పక్కకి తోసి ఆ చీర మళ్ళీ తీశాను. తొమ్మిది ఫోటోలు, ఒక చిన్న వీడియో. పసుపు మరక ఫోటో మూడోదిగా పెట్టాను. ధర 120కి దించాను. మొదటిసారి కొనేముందు, కొన్నాక కలిపి హామిల్టన్ ఆవిడా నేనూ ఎన్ని మెసేజులు రాసుకున్నామో లెక్కే లేదు. ఈసారి లోయర్ హట్ నుంచి ఒకావిడ ఒకే ఒక్క ప్రశ్న అడిగారు, బ్లౌజు ఏ సైజు అని. ఆదివారం వచ్చి తీసుకెళ్ళారు. గుమ్మంలో విప్పి చూసుకుని, ఫోటోలో ఉన్నట్టే ఉంది అన్నారు, కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు.

హామిల్టన్ ఆవిడకి ఆ కొత్త ఫోటోలు పంపాను, చూడమని. "ఇవి ముందే పెట్టుంటే నేను అడిగేదాన్నే కాదు అక్కా" అన్నారు. ఆవిడకి ఇంకా నీలం చీర దొరకలేదట. మా చెల్లెలి దగ్గర ఒక ముదురు నీలం గద్వాల్ ఉంది. ఈ శనివారం కూడా వానే అంటున్నారు కదా, దాన్ని తెమ్మన్నాను.